ఆ నంబరు ఎవరిది, ఎప్పటిది?

ప్రశ్న: 2024 సెప్టెంబరు వరదల్లో మా చిన్నాన్న వాళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇరుక్కుపోయారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. వాట్సాప్‌లో వచ్చిన హెల్ప్‌లైన్ నంబర్లన్నీ మా చుట్టాల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. సగం పలకలేదు. నేనే 112కి చేస్తే ‘ఇది తెలంగాణ అమ్మా’ అన్నారు. ఆ టెన్షన్‌లో ‘బుడమేరు కట్ట మళ్లీ తెగింది’ అని వచ్చిన మెసేజ్ కూడా పంపేశాను. అది అబద్ధమట. ఇప్పుడు మళ్లీ తుఫాన్ల రోజులు వస్తున్నాయి. మా వారు ‘నువ్వసలు ఏమీ పంపకు’ అంటున్నారు. ఏది పంపాలి, ఏది ఆపాలి? పంపేముందు ఎలా చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

ముందు ఆ 112 సంగతి చెబుతాను. అందులో మీ తప్పేమీ లేదు. 112, 108 లాంటి పొట్టి నంబర్లు మీ ఫోన్ ఏ టవర్ కింద ఉందో అక్కడికే వెళ్తాయి. మనసంతా సింగ్‌నగర్‌లో ఉన్నా ఫోన్ హైదరాబాద్‌లో ఉంది కాబట్టి అది తెలంగాణ వాళ్లకే మోగుతుంది. ఇది చాలామందికి తెలియదు. ఊళ్లో ఉన్నవాళ్ల కోసం తయారైన జాబితాను బయట ఊళ్లలో ఉన్న బంధువులు ఒకరికొకరు పంపుకుంటూ ఉంటారు. నంబర్లన్నీ నిజమైనవే, కానీ వాటితో వీళ్లకు పని జరగదు.

కాబట్టి నంబరు పంపేముందు ఆలోచించాల్సింది, దాన్ని ఎవరు ఎక్కడ కూర్చుని నొక్కుతారు అన్నది. నీళ్లలో ఉన్న మీ చిన్నాన్నగారికైతే 112 సరైన నంబరే. ఒంట్లో బాగోకపోతే 108. కరెంటు తీగ తెగి నీళ్లలో పడితే 1912. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ప్రతి తుఫానుకీ ఇచ్చే నంబర్లు 112, 1070, 1800-425-0101. ఇందులో చివరిది పొడుగు టోల్‌ఫ్రీ నంబరు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లకు పనికొచ్చేది అలాంటిదే, లేదా ఎస్టీడీ కోడ్‌తో ఉన్న జిల్లా కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ ల్యాండ్‌లైన్. అమెరికాలో ఉన్న పిల్లలకు 1800 నంబర్లు మామూలుగా కలవవు, 112 నొక్కినా ఇక్కడికి రాదు. వాళ్లకు పనికొచ్చేది +91 పెట్టి, కోడ్ ముందున్న సున్నా తీసేసిన ల్యాండ్‌లైన్ నంబరొక్కటే. విజయవాడ 0866 అయితే అక్కడి నుంచి +91 866 అని నొక్కాలి. ఈ సున్నా దగ్గర ఆగిపోయి ‘నంబర్ పనిచేయడం లేదు’ అని రాసినవాళ్లను చాలామందినే చూశాను.

జిల్లా కంట్రోల్ రూమ్‌కు దేశమంతటా 1077 కేటాయించారు. అదీ ఎక్కడి నుంచి చేస్తే అక్కడికే వెళ్లే రకం. 2018 కేరళ వరదలప్పుడు బయట ఉన్నవాళ్లు జిల్లా ఎస్టీడీ కోడ్ ముందు పెట్టి 1077 నొక్కమని అక్కడ ప్రచారం చేశారు. మన దగ్గర మాత్రం తుఫాను ముంచుకొస్తుందనగానే ప్రతి కలెక్టరేటూ తన కంట్రోల్ రూమ్ నంబర్లు విడిగా ప్రకటిస్తుంది. ఆ పత్రికా ప్రకటనలో ఉన్నదే పట్టుకోండి.

నేను కోస్తాలో ఒక జిల్లాలో డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరయ్యాను. తుఫాను డ్యూటీ పడితే రెండు మూడు రోజులు కంట్రోల్ రూమే ఇల్లు. ఒకసారి మా ఆఫీసు నుంచి వెళ్లిన జాబితాలోనే తప్పు దొర్లింది. ఒక మండలం సెల్ నంబర్లో చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. ఆ నంబరు టౌన్‌లో టిఫిన్ బండి నడుపుకునే ఒకాయనది. తెల్లవారుజామున పిండి రుబ్బుకునే వేళ మొదలైన ఫోన్లు మధ్యాహ్నం దాకా ఆగలేదట. ఆయన విసుక్కుని ఫోన్ ఆపేయలేదు. అరువు ఖాతాలు రాసుకునే పుస్తకంలోనే ఊరి పేరు, మనిషి పేరు, ఏం కావాలో రాసుకుని, సాయంత్రం తడిసిన చొక్కాతో ఆఫీసుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. మూడు పేజీలు. మేం అప్పటికే సరిదిద్దిన జాబితా పంపాం. కానీ తప్పు జాబితా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది, ఆ తర్వాతి తుఫానుకు కూడా బయటికొచ్చింది. ఆయన నంబరు మార్చుకున్నాడు.

అప్పటి నుంచి నాకొక అలవాటు. ఏ నంబరైనా పక్కన మూడు ముక్కలు లేకుండా ఎవరికీ పంపను. ఎవరిది, ఏ పనికి, ఏ తేదీన ఎక్కడి నుంచి తీసుకున్నది. ‘ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్ కంట్రోల్ రూమ్, పడవలు ఆహారం కోసం, సెప్టెంబరు 2 ఉదయం కలెక్టర్ ప్రకటన నుంచి’ అని రాస్తే చదివినవాడికి దాని వయసు తెలుస్తుంది. నెల తర్వాత అది మళ్లీ ఎవరి ఫోన్లోనో తేలినా మోసం చేయదు. ఊరికే ‘ఎమర్జెన్సీ నంబర్స్, అందరికీ షేర్ చేయండి’ అని పది నంబర్లు పెడితే దానికి చావు లేదు. ఏటా ఏ తుఫానుకైనా బతికొస్తూనే ఉంటుంది. పుకార్లు అన్నీ ఎవడో పుట్టించిన అబద్ధాలే అనుకుంటాం గానీ, నేను చూసినంతలో ఎక్కువ భాగం ఒకప్పుడు నిజమై, తేదీ ఊడిపోయి తిరుగుతున్నవే.

అందుకే పాత జాబితాను గుర్తుపట్టడం నేర్చుకుంటే మీ పని సగం అయిపోతుంది. తేలికైన గుర్తు జిల్లాల పేర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4 వరకు 13 జిల్లాలే. ఆ రోజు 26 అయ్యాయి. మీకొచ్చిన జాబితాలో ‘కృష్ణా జిల్లా కంట్రోల్ రూమ్, విజయవాడ’ అని ఉంటే అది ఆ తేదీకి ముందుదే, లేదా ముందుదాన్ని ఎవరో అలాగే ఎత్తి పెట్టారు. ఇప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నం. కోనసీమ, బాపట్ల, అనకాపల్లి పేర్లే లేని కోస్తా జాబితా ఎంత అందంగా రంగులేసి ఉన్నా పక్కన పెట్టేయండి. తెలంగాణకూ ఇదే లెక్క, 10 జిల్లాలే కనిపిస్తే అది 2016 అక్టోబరుకు ముందు సరుకు.

రెండో గుర్తు ఎస్టీడీ కోడ్. విజయవాడ 0866, మచిలీపట్నం 08672, ఏలూరు 08812, కాకినాడ 0884, రాజమండ్రి 0883, విశాఖ 0891, శ్రీకాకుళం 08942, నెల్లూరు 0861. కాకినాడ అని రాసి ఎదురుగా 0866 ఉందంటే ఎవరో వరస జారి టైపు చేశారు. అలాంటప్పుడు ఆ ఒక్కటే కాదు, దాని కింద ఉన్నవన్నీ ఒక వరస జారి ఉండే అవకాశం ఎక్కువ. నేను ముందు చూసేది ఇదే. అర నిమిషం పట్టదు.

‘మరి ఒకసారి ఫోన్ చేసి చూస్తే పోలా’ అంటారు. తుఫానుకు ముందు రోజైతే చేయండి, మంచిదే. నీళ్లు వచ్చాక మాత్రం వద్దు. కంట్రోల్ రూమ్‌లో ఉండేది రెండో మూడో లైన్లు. ఒక్కో నంబరునూ వంద మంది ‘పనిచేస్తోందా లేదా’ అని చూస్తే నీళ్లలో ఉన్నవాడికి ఎంగేజ్ టోన్ వస్తుంది. మీరు పలకలేదన్న నంబర్లలో కొన్ని అలా ఎంగేజ్ అయినవే అయుంటాయి. ఫోన్ చేయకుండా చూసుకునే దారి ఉంది. జిల్లా వెబ్‌సైటు చిరునామా చివర ap.gov.in ఉంటుంది, తెలంగాణవి telangana.gov.in. అందులోనో, కలెక్టర్ అధికారిక ఖాతాలోనో, సమాచార శాఖ ప్రకటనలోనో ఆ నంబరు కనిపిస్తే చాలు. పది గ్రూపుల్లో కనిపించడం మాత్రం రుజువు కాదు, ఒకే తప్పు పది చోట్లకు వెళ్లిందంతే. స్వచ్ఛందంగా పడవలు నడిపేవాళ్ల, భోజనాలు పంచేవాళ్ల సొంత సెల్ నంబర్లయితే వాళ్లనే అడగండి, ‘మీ నంబరు పంపొచ్చా, ఎప్పటిదాకా?’ అని. సాయంత్రానికి వాళ్ల దగ్గర పొట్లాలు అయిపోతాయి. రాత్రి రెండింటికి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఇక ఆ ‘కట్ట మళ్లీ తెగింది’ దగ్గరికి వద్దాం. అది మీకు ఎందుకు నమ్మబుద్ధి అయిందో నాకు తెలుసు. అంతకుముందు నిజంగా తెగింది. సెప్టెంబరు 1 ఆదివారం సింగ్‌నగర్ వైపు వచ్చిన నీళ్లు కృష్ణవి కావు, బుడమేరువి. వెలగలేరు దగ్గర నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ ఉంది. దానికి గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి ఆర్మీని కూడా పిలిపించారు. ఆ కాలువ నీళ్లు కలవాల్సిన కృష్ణ అప్పుడు తానే పొంగి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. అది చూసినవాళ్లకు, వారం తర్వాత చిన్న వాన పడ్డా ‘మళ్లీ తెగింది’ అంటే గుండె ఆగుతుంది. నీళ్లు తగ్గాక ఆ పుకారు పుట్టినప్పుడు జనం ఇళ్లలోంచి రోడ్ల మీదకు పరుగులు తీశారు. అది నిజం కాదని అధికారులు మైకులు పట్టుకుని చెప్పాల్సి వచ్చింది.

ఆ రోజు మీ చేతిలో ఉన్న మెసేజ్‌ని ఇప్పుడు తీరిగ్గా చూద్దాం. ‘ఇప్పుడే బుడమేరు కట్ట మళ్లీ తెగింది. సింగ్‌నగర్ అంతా మునుగుతుంది. వెంటనే అందరూ బయటికి వెళ్లిపోండి. మీ వాళ్లందరికీ పంపండి.’ దాదాపు ఇలాగే ఉండి ఉంటుంది. ‘ఇప్పుడే’ అంటే ఎప్పుడు? మీకు చేరేసరికి ఆ మెసేజ్ ఎంతమంది చేతులు దాటిందో. ఏ కట్ట, ఏ ఊరి దగ్గర? కాలువ కొన్ని కిలోమీటర్ల పొడుగు, గండి పడితే ఊరి పేరు ముందు వస్తుంది, తర్వాత మిగతా కథ. ఎవరు చెప్పారు? పేరు లేదు, శాఖ లేదు. మీరే తెలుగు టీచరైతే ఆ వాక్యానికి కర్త ఎక్కడ అని అడిగేవారు.

ఇంకోటి, నాకు అన్నిటికంటే భయం వేసేది, అది చెప్పే పని. ‘బయటికి వెళ్లిపోండి’ అంటోంది. అధికారుల హెచ్చరికైతే ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. ఫలానా స్కూల్లో పునరావాస కేంద్రం ఉంది, ఫలానా సెంటర్లో బస్సు ఉంటుంది అంటుంది. చోటు చెప్పకుండా పరుగెత్తమనేది అధికారుల మాట కాదు. అందుకే నీళ్ల దగ్గర ఉన్నవాళ్లకూ దూరంగా ఉన్నవాళ్లకూ నా సలహా వేరువేరుగా ఉంటుంది. దగ్గర ఉన్నవాళ్లు నిజమా కాదా అని తేల్చుకోవడానికి ఆగనక్కర్లేదు. మందులు, ఫోను, తాగే నీళ్లు తీసుకుని పై అంతస్తుకు ఎక్కేయడమే. అబద్ధమైతే మెట్లెక్కిన ఆయాసం తప్ప పోయేదేం లేదు. ఎక్కాక వీధి మెట్టు దగ్గరో గోడ మీదో నీళ్లు ఎంతదాకా ఉన్నాయో సుద్దముక్కతో గీత గీయమనండి, పావుగంటకోసారి చూడమనండి. గీత మునుగుతుంటే నీళ్లు పెరుగుతున్నట్టు, గీతకూ నీళ్లకూ మధ్య తడి పట్టీ కనిపిస్తుంటే తగ్గుతున్నట్టు. ఆ గీత వాట్సాప్ కంటే నిజం చెబుతుంది. పై అంతస్తు లేని ఇళ్లవాళ్లు, పెంకుటిళ్లవాళ్లు ముందుగానే కేంద్రానికి చేరాలి, అది వేరే సంగతి.

మీలా దూరంగా ఉన్నవాళ్లకు మాత్రం పంపకుండా పది నిమిషాలు ఆపుకునే తీరిక ఉంది. ఆ పది నిమిషాల్లో మీ చిన్నాన్నకు ఒక్క ప్రశ్న ఎస్సెమ్మెస్ చేయండి, ‘నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయి, గంట క్రితం ఏ మెట్టు?’ అని. కాల్ కలవనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి పోతుంది. ఆయన జవాబు ఏ న్యూస్ చానల్ దగ్గరా లేని సమాచారం.

అంకెలు కూడా మనల్ని ఇలాగే బెదిరిస్తాయి. ‘ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తేశారు’ అని వస్తే డ్యామ్ పగిలినట్టు వింటాం. అది పెద్దగా నిల్వ పెట్టుకునే డ్యామ్ కాదు, పై నుంచి వచ్చినదాన్ని కిందికి వదలాల్సిందే. గేట్లెత్తడం వరదలో మామూలు పని. చూడాల్సింది క్యూసెక్కులు. 3.97 లక్షల దగ్గర మొదటి హెచ్చరిక, 5.69 లక్షల దగ్గర రెండోది. భద్రాచలం గోదావరికి 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలు. ‘మూడో ప్రమాద హెచ్చరిక, నీటిమట్టం 46 అడుగులు’ అని ఎవరైనా రాస్తే ఆ వాక్యం తనను తానే కొట్టేసుకుంటోంది, పంపక్కర్లేదు.

తుఫాను విషయంలోనూ ఒక చిన్న గుర్తుంది. వాతావరణ శాఖ బులెటిన్లకు నంబరు ఉంటుంది, తుఫాను కేంద్రం ఎక్కడుందో చెప్పే సమయం మామూలుగా 5.30, 8.30, 11.30, 2.30 ఇలా మూడు గంటల తేడాతో ఉంటుంది. తీరానికి దగ్గరయ్యాక మధ్యలో ఇంకా తొందరగా కూడా ఇస్తారు. ‘ఉదయం 8.30కి ఫలానా ఊరికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో’ అని ఉంటే అసలుది ఎక్కడుందో వెతికి పట్టుకోవచ్చు, mausam.imd.gov.in లో దొరుకుతుంది. ‘రేపు తెల్లారేసరికి కాకినాడ ఉండదు’ అని ఉంటే వెతకడానికి కూడా ఏమీ లేదు. మీరు పంపేటప్పుడు కూడా ఈరోజు, రేపు, రాత్రికి అన్న మాటలు తీసేసి తేదీ, గంట వేయండి. మెసేజ్ ఎప్పుడు చదివినా ‘రేపు’ రేపే అవుతుంది. ఆ ఒక్క మాటే పాత వార్తను కొత్తగా బతికిస్తుంది.

ఇప్పుడు అసలు అవసరం, మనుషుల్ని తీయించడం. ఆ రోజు మీ గ్రూపులో చిన్నాన్నగారి సెల్ నంబరు పెట్టి ‘ప్లీజ్ హెల్ప్’ అని రాసుంటారు. అందరూ అదే చేస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించండి. కరెంటు లేదు, ఫోన్లో ముప్పై శాతం చార్జింగ్ ఉంది. ఢిల్లీ నుంచి, దుబాయ్ నుంచి తెలిసినవాళ్లు తెలియనివాళ్లు ‘ఎలా ఉన్నారండీ, పడవ వచ్చిందా’ అని ఫోన్ చేస్తారు. అందరూ ప్రేమతోనే చేస్తారు, కానీ సాయంత్రానికి ఫోన్ చచ్చిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి పడవవాడు వీధి చివర నిలబడి ఆ నంబరుకు చేస్తే స్విచాఫ్. ఆ నంబరు కంట్రోల్ రూమ్‌కీ, ఇంట్లో ఒక్క మనిషికీ తప్ప ఎవరికీ వెళ్లకూడదు. గ్రూపులో పెట్టాల్సింది మీ నంబరు, హైదరాబాద్‌లో చార్జింగ్ దొరికే మీ ఫోన్ నంబరు. ఫోన్లు మీరు తీసుకోండి. ఆయనకు గంటకోసారి మీ ఒక్కరి నుంచే మెసేజ్ వెళ్లాలి.

కంట్రోల్ రూమ్‌లో ఫోనెత్తినవాడి ముందు ఒక రిజిస్టరుంటుంది. వాడికి మీ బాధ అర్థమవుతుంది, రాసుకోవడానికి కావాల్సింది మాత్రం వేరు. నేను రాసుకున్న చోట నుంచి చెబుతున్నాను, ఇలా ఒక కాగితం మీద రాసి పెట్టుకుని చదవండి:

సెప్టెంబరు 1, మధ్యాహ్నం 2.15.
అజిత్‌సింగ్‌నగర్, ఫలానా రోడ్డు, ఫలానా గుడి వెనక రెండో సందు, ఆకుపచ్చ గేటు, రెండంతస్తుల ఇల్లు.
మొదటి అంతస్తులో నలుగురు. ఇద్దరు అరవై దాటినవాళ్లు, ఒకరు నడవలేరు, ఎత్తుకోవాలి.
నీళ్లు కింది గది కిటికీ దాకా. 1.15కి ఇంతకంటే రెండు మెట్లు కింద ఉన్నాయి.
ఇన్సులిన్ ఈ రాత్రి వరకే ఉంది.
లోపలున్నవాళ్ల ఫోన్, బయట నా ఫోన్.

డోర్ నంబర్ చెబితే చాలనుకుంటారు. నీళ్లలో డోర్ నంబరు కనపడదు, వీధి బోర్డు మునిగుంటుంది. పడవ మీద వచ్చేవాడు బాపట్లవాడో, కాకినాడ మత్స్యకారుడో అయితే ఆ సందులు వాడికి కొత్త. గుడి గోపురం, సెల్ టవర్, ట్యాంకు, ఇలా నీళ్లపైన కనిపించేదేదైనా గుర్తు చెప్పాలి. ‘నడవలేరు’ అన్న ఒక్క మాటతో చిన్న తెప్ప కాకుండా పడవ పంపుతారు. ఎంతమంది అన్నదానితో ఎన్ని ట్రిప్పులో లెక్కేస్తారు. వీలైతే గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ కూడా ఇవ్వండి, కానీ నోటి గుర్తు మానొద్దు. రాసుకున్నాక కాల్ నంబరో, రిజిస్టరు సీరియల్ నంబరో అడిగి తీసుకోండి. మళ్లీ చేసినప్పుడు కథ మొదటి నుంచి చెప్పక్కర్లేదు, కొత్త ఎంట్రీ పడదు. ఒకే ఇల్లు అయిదుగురు బంధువులు చెప్పి అయిదు ఎంట్రీలైతే ఆ వీధికి అయిదు ఇళ్లున్నాయనుకుని లెక్కలు తప్పుతాయి. అందుకే చుట్టాల్లో ఒక్కరే ఫోన్ చేయాలని ముందే అనుకోండి.

వాళ్లు బయటపడ్డాక అందరూ మరిచిపోయే పని ఒకటుంది. రిజిస్టరులో ఆ సీరియల్ కొట్టేయమని ఫోన్ చేయాలి. మా లెక్కల్లో చాలా పడవలు ఖాళీ ఇళ్ల దగ్గరికే వెళ్లేవి. ఉదయమే మేనల్లుడు ట్రాక్టర్ మీద తీసుకెళ్లిపోయుంటాడు, సాయంత్రం మావాళ్లు చీకట్లో ఆ సందంతా కేకలు వేసి తిరిగొస్తారు. ఆ గంటలో ఇంకో ఇంటి వాళ్లను తేవచ్చు. గ్రూపులో కూడా అంతే, ‘బయటపడ్డారు, ఈ మెసేజ్ ఇక పంపొద్దు, సెప్టెంబరు 2 ఉదయం 9’ అని పాత మెసేజ్‌కే రిప్లైగా పెట్టండి.

పంపేసిన పుకారును వెనక్కి తీసుకోవడం కూడా ఇలాంటి పనే. వాట్సాప్‌లో రెండు రోజుల లోపైతే అందరికీ డిలీట్ చేయొచ్చు, కానీ మీరు డిలీట్ చేసేలోపు అది ఇంకో చోటికి పోయుంటుంది. డిలీట్ చేసి ఊరుకుంటే జనం ‘అయ్యో, ఏదో దాస్తున్నారు’ అనుకుంటారు. దాని బదులు అదే చోట రాయండి. రాసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త, మొదటి మాట అబద్ధంతో మొదలుపెట్టొద్దు. ‘కట్ట తెగిందన్నది నిజం కాదు’ అని రాస్తే కంగారులో ఉన్నవాడి కళ్లకు ‘కట్ట తెగింది’ వరకే కనపడుతుంది. ‘బుడమేరు కట్ట క్షేమంగా ఉంది. సాయంత్రం 6 గంటలకు కలెక్టర్ ప్రకటన. నేను మధ్యాహ్నం పంపింది తప్పు, ఎవరికైనా పంపి ఉంటే ఇది కూడా పంపండి’ అని రాస్తే సరిపోతుంది. ‘నేను పంపింది తప్పు’ అనడానికి మొహమాటపడకండి. ఆ మాట ఉంటేనే మిగతాది నమ్ముతారు.

మీ వారి మాటలో ఒక భాగం నిజం ఉంది. 2005 విపత్తుల నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద, భయాందోళనకు దారితీసేలా అబద్ధపు హెచ్చరిక ప్రచారం చేస్తే ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ ఉంది. అలాగే సహాయ నిధి పేరుతో తిరిగే క్యూఆర్ కోడ్‌లు మాత్రం ఎవరు పంపినా ముందుకు పంపకండి. ఇవ్వాలనిపిస్తే ముఖ్యమంత్రి సహాయ నిధి వెబ్‌సైటుకు మీరే వెళ్లి ఇవ్వండి, డబ్బు పంపేముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చూసుకోండి. కానీ ‘అసలేమీ పంపకు’ అన్నది నేను ఒప్పుకోను. ఆ ఆదివారం మీ చిన్నాన్నగారి వీధిలో నీళ్లు ఎంత ఉన్నాయో తెలిసి, ఫోన్ చార్జింగ్ ఉండి, కంగారు లేకుండా కంట్రోల్ రూమ్‌కు చెప్పగలిగిన మనిషి మీరొక్కరే.

వచ్చే వానల లోపు ఒక ఆదివారం ఆయనకు ఫోన్ చేసి ఈ నాలుగూ రాసి పెట్టుకోండి. వీధి నుంచి మొదటి అంతస్తుకు ఎన్ని మెట్లు, మేడ మీద నుంచి కనిపించే గుర్తేమిటి, ఇంట్లో ఎవరికి ఏ మందు, పక్కింటివాళ్ల నంబరు. మెట్ల లెక్క ఎందుకని ఆయన నవ్వితే నవ్వనివ్వండి, లెక్కపెట్టి చెప్పమనండి.